ఓటీ మెయిల్: సీజన్‌లో అదనపు గంటలు అందరికీ న్యాయంగా అందాలంటే

(ఫ్యాక్టరీ లైన్ లీడ్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ గంటసేపూ మనం ఒకే ఒక్క మెయిల్ చూస్తాం. ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలో బ్రేజింగ్ విభాగం, అంటే గొట్టాలను టార్చ్‌తో వేడిచేసి అతికించే విభాగం టీమ్ లీడ్, సీజన్ మొదలవ్వకముందు తన మనుషులకి పంపే మెయిల్ అది. ఏసీలు ఎండాకాలంలో అమ్ముడవుతాయి కాబట్టి ఫ్యాక్టరీలో ఒత్తిడి ఫిబ్రవరి, మార్చిలోనే ఉంటుంది. శ్రీసిటీ నుంచి వచ్చినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలలూ సాయంత్రం రెండు గంటలు అదనంగా పని, అంటే ఓవర్‌టైమ్, మన మాటల్లో ఓటీ నడుస్తుంది. ఎవరు ఉంటారు, ఎవరిని అడగాలి, ఎవరిని ముందు అడగాలి అన్నదే ఈ మెయిల్ తేల్చాలి.

చాలాచోట్ల జరిగేది మీకు తెలుసు. లీడ్ మధ్యాహ్నం మూడింటికి వాట్సాప్ గ్రూపులో "ఈరోజు ఓటీకి నలుగురు కావాలి" అని పెడతాడు. ముందు బొటనవేలు పెట్టిన నలుగురికి ఇస్తాడు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది, ఎవరినీ ఎంచలేదు కదా. కానీ బ్రేజింగ్ దగ్గర టార్చ్ పట్టుకున్నవాడి ఫోన్ లాకర్లో ఉంటుంది. మెటీరియల్ తెచ్చిపెట్టే అతనికీ, రిపోర్టులు రాసే అతనికీ ఫోన్ చేతిలోనే ఉంటుంది. నెల తిరిగేసరికి ఓటీ అంతా అదే ముగ్గురు నలుగురి ఖాతాలో కనిపిస్తుంది. ఇక లీడ్ తనకి నమ్మకమైనవాళ్లని నేరుగా పిలిచే పద్ధతైతే దాని గురించి వేరే చెప్పాలా?

మెయిల్ మొదటి పేరా ఇలా ఉండాలి. చదువుతాను.

"2026 ఫిబ్రవరి 2 సోమవారం నుంచి మార్చి 28 శనివారం వరకు, ఎనిమిది వారాలు, బ్రేజింగ్ విభాగంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ నలుగురికి ఓటీ అవకాశం ఉంటుంది. సమయం సాయంత్రం 5:00 నుంచి 7:00. శనివారం, ఆదివారం ఓటీ లేదు. ఇది పూర్తిగా మీ ఇష్టం."

ఎన్ని వారాలు, ఏ రోజులు, ఎంతమంది, ఎన్ని గంటలు అన్నీ ఇందులో వచ్చేశాయి. "సీజన్ కాబట్టి అందరూ సహకరించాలి" అన్న వాక్యం మాత్రం ఎక్కడా రాకూడదు. అది రాస్తే "మీ ఇష్టం" అన్నమాటకి విలువ ఉండదు.

ఇప్పుడు సమయం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. షిఫ్టు ఉదయం 8:00 నుంచి 4:30, మధ్యలో 12:30కి అరగంట భోజనం. మరి ఓటీ 4:45కి కాకుండా 5:00కి ఎందుకు మొదలవుతోంది? పదిహేను నిమిషాలు టీ తాగి వచ్చేస్తే 6:45కి అయిపోతుంది, అందరూ తొందరగా ఇంటికి పోతారు కదా అని చాలామంది లీడ్లు అనుకుంటారు. లెక్క వేసి చూడండి. భోజనం తర్వాత 1:00 నుంచి 4:30 వరకు మూడున్నర గంటలు, దానికి రెండు గంటల ఓటీ కలిపితే ఐదున్నర. అరగంట విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదన్నది పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్. పదిహేను నిమిషాల టీ ఆ విరామం కిందికి రాదు. అందుకే 4:30 నుంచి 5:00 దాకా పూర్తి అరగంట. టిఫిన్ కూడా అప్పుడే పెట్టించండి. వేడి దగ్గర నిలబడి పనిచేసే మనిషి ఖాళీ కడుపుతో రాత్రి ఏడు దాకా ఉండలేడు.

7:00కే ఆపడానికీ కారణం ఉంది. అదే చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ల పనివేళలను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యకి పరిమితం చేసింది. తర్వాత రాష్ట్రాలు సమ్మతి, రవాణా, భద్రత లాంటి షరతులతో రాత్రి పనికి దారి తెరిచాయి. కానీ 7 దాటితే ఆ షరతులన్నీ మీరు నెరవేర్చి చూపాలి. 7లోపే ముగిస్తే లైన్లో ఉన్న అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒకే జాబితా, ఒకే పద్ధతి సరిపోతుంది. అరగంట కక్కుర్తి పడి 7:30 అని రాస్తే జాబితా రెండు ముక్కలవుతుంది.

రెండో పేరా పరిమితుల గురించి. ఇక్కడ చట్టం పాఠం చెప్పకండి, అంకెలు మాత్రం ఇవ్వండి. పాత చట్టం 64వ సెక్షన్ ప్రకారం రోజుకి ఓటీతో కలిపి 10 గంటలు, వారానికి 60, మూడు నెలల్లో మొత్తం ఓటీ 50 గంటలు. ఈ మూడు నెలల పరిమితిని రాష్ట్రాలు పెంచుకుంటూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025లో దాన్ని 144 గంటలకు పెంచాలని నిర్ణయించింది. 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఓటీకి రెట్టింపు వేతనం, కార్మికుడి సమ్మతి రెండూ అందులో స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి మీ ప్లాంటుకి ఇప్పుడు వర్తించే అంకె ఏదో హెచ్ఆర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని మెయిల్‌లో వేయండి. ఇవాళ్టి ఉదాహరణకి నేను 50 గంటలే పట్టుకుంటాను. అన్నిటికన్నా బిగువైన లెక్క అది. దానికి సరిపోతే మిగతావాటికి సరిపోయినట్టే. మనుషులు అలిసిపోకుండా ఉండటానికి కూడా అదే మేలు.

మన విభాగంలో సర్టిఫికేషన్ ఉన్న బ్రేజర్లు ఎనిమిది మంది. ఎనిమిది వారాల్లో సోమ నుంచి శుక్ర దాకా 40 సాయంత్రాలు. అందులో మార్చి 19 గురువారం ఉగాది, సెలవు. మిగిలినవి 39. రోజుకి నలుగురు చొప్పున 156 వంతులు, వంతుకి రెండు గంటలు, మొత్తం 312 గంటలు. ఎనిమిది మందికి పంచితే తలకి 39 గంటలు. 50 లోపే ఉంది, హాయిగా ఉంది అనుకుంటాం. కానీ ఇది స్వచ్ఛందం. ఇద్దరు "మాకు వద్దు" అన్నారనుకోండి, అదే 312ని ఆరుగురికి పంచితే తలకి 52. పరిమితి దాటింది. లీడ్‌కి ఈ సంగతి మార్చి చివరి వారంలో, సరుకు లారీలోకి ఎక్కాల్సినప్పుడు తెలుస్తుంది. అప్పుడు మొదలవుతుంది బతిమాలడం. బతిమాలడం నుంచి బలవంతానికి ఎంతో దూరం లేదు.

అందుకే మెయిల్‌లో వారానికి ఒక పరిమితి పెట్టండి: ఒక మనిషికి వారానికి మూడు వంతులే. ఎనిమిది వారాలకి 24 వంతులు, 48 గంటలు. ఎవరు ఎంత ఉత్సాహం చూపినా 50 దాటరు. జనవరిలో ఇప్పటికే ఓటీ చేసినవాళ్లుంటే ఆ గంటలు కూడా అదే మూడు నెలల లెక్కలోకి వస్తాయి. జనవరిలో 6 గంటలు చేసిన మనిషికి మిగిలింది 44, అంటే 22 వంతులు. మొదటి రోజే వాళ్ల పేరు పక్కన అది రాసి పెట్టండి.

అయితే ఆరుగురే ఉంటే వారానికి ఆరు మూళ్లు పద్దెనిమిది వంతులు. కావలసినవి ఇరవై. రెండు ఖాళీ. ఈ రెండింటినీ ఏం చేస్తారో మెయిల్‌లో ముందే చెప్పాలి. "నిండని వంతుల్ని మొదట పక్క లైన్లో బ్రేజింగ్ సర్టిఫికేషన్ ఉన్నవారికి ఇస్తాం. అక్కడా ఎవరూ రాకపోతే ఆ వంతు ఖాళీగానే ఉంటుంది. ప్లానింగ్ వారికి ముందురోజే తెలియజేస్తాం." ఈ రెండో వాక్యం రాయడానికి చేతులు రావు, తెలుసు. మేనేజర్‌తో ముందే మాట్లాడి ఒప్పించుకుని రాయండి. ఖాళీగా వదిలే అవకాశం లేనప్పుడు అది స్వచ్ఛందం అనిపించుకోదు.

ఇక అసలు విషయం, వరస ఎలా? ఇది ఈ మెయిల్‌కి గుండెకాయ. కాస్త నిదానంగా చూద్దాం.

ఒక పట్టిక పెడతారు. ఒక్కో పేరుకి మూడు అంకెలు: ఎన్ని గంటలు ఇవ్వజూపాం, ఎన్ని గంటలు చేశారు, పరిమితికి ఇంకా ఎన్ని మిగిలాయి. ఇవ్వజూపిన గంటలు ఎవరికి తక్కువుంటే వారిని ముందు అడుగుతాం. మొదటి రోజు అందరికీ సున్నాయే కాబట్టి అందరి ముందూ చీటీలు తీసి వరస పెడతాం. సీనియారిటీ వద్దు. సీనియారిటీతో మొదలుపెడితే మొదటి వారం నుంచే పాతవాళ్లది పైచేయి అన్న మాట పుడుతుంది.

చేసిన గంటల్ని బట్టి కాకుండా ఇవ్వజూపిన గంటల్ని బట్టి వరస ఎందుకు? ఒకతను మూడు వారాలుగా ప్రతిసారీ "లేదండీ" అంటున్నాడనుకోండి. చేసిన గంటల లెక్కలో అతను ఎప్పుడూ సున్నా మీదే ఉంటాడు, అంటే ఎప్పుడూ జాబితాలో మొదట ఉంటాడు. మీరు ప్రతి వారం ముందు అతన్నే అడగాలి. అతను ప్రతిసారీ కాదనాలి. పదోసారికి అతనికి తన మీద ఒత్తిడి పెడుతున్నట్టే అనిపిస్తుంది, ఆ మాట నిజం కూడా. ఇవ్వజూపిన లెక్కలో అయితే ఒకసారి కాదంటే ఆ రెండు గంటలు అతని పద్దులో పడతాయి, అతను వరసలో వెనక్కి వెళ్తాడు. సీజన్ చివర ఇద్దరి పట్టిక పక్కపక్కన పెడితే ఒకరు 40 గంటలు చేసి ఉండొచ్చు, ఒకరు 8 చేసి ఉండొచ్చు. అవకాశం మాత్రం ఇద్దరికీ దాదాపు సమంగా వచ్చింది. లీడ్ చేతిలో ఉన్నది అవకాశమే. చేయాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంది.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. కాదనక తప్పని పరిస్థితిలో అడిగి, అడిగాను కదా అని పద్దులో రాసేసుకోవచ్చు. దీన్ని ఆపడానికి మెయిల్‌లో రెండు నియమాలు కావాలి.

ఒకటి నోటీసు. "వచ్చే వారం వంతులు గురువారం మధ్యాహ్నం 12 గంటలకు నోటీసు బోర్డు మీద, మెయిల్‌లో పెడతాం. శుక్రవారం షిఫ్టు ముగిసేలోగా అవుననో కాదనో చెప్పండి. జవాబు రాకపోతే కాదన్నట్టే తీసుకుంటాం. 24 గంటల్లోపు అప్పటికప్పుడు అడిగిన వంతుకి కాదంటే మీ పద్దులో రాయం." ఆ చివరి వాక్యం చూడండి. నాలుగింటికి వచ్చి "ఇంకో మనిషి తక్కువయ్యాడు, ఉంటావా" అని అడిగితే ఎవరికైనా ఇంటి దగ్గర పనులుంటాయి. దానికి కాదన్నందుకు వరసలో వెనక్కి నెట్టకూడదు. మౌనాన్ని ఒప్పుకోలుగా కూడా ఎప్పుడూ తీసుకోకండి. నోటీసు బోర్డు ఎందుకంటే, మెయిల్ ఐడీ అందరికీ ఉన్నా ఫ్లోర్ మీద రోజూ మెయిల్ తెరిచేవాళ్లు తక్కువ.

రెండోది బస్సు. నవ్వకండి, సగం అన్యాయం బస్సు దగ్గరే జరుగుతుంది. రోజూ కంపెనీ బస్సులు 4:45కి కదులుతాయి. ఓటీ వాళ్లకోసం 7:15కి ఒక బస్సు వేస్తారు, అది సూళ్లూరుపేట, తడ వరకు వెళ్తుంది. నాయుడుపేట నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చే మనిషి ఏ ధైర్యంతో అవునంటాడు? అతను కాదన్నాడు, మీరు పద్దులో రాశారు, సీజన్ చివర పట్టిక చక్కగా సమానంగా కనిపిస్తుంది. కానీ అతనికి ఒక్క అవకాశం కూడా నిజంగా రాలేదు. కాబట్టి మెయిల్ పంపడానికి ముందే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల దగ్గర 7:15 రూట్లు తీసుకోండి. ఏ ఊరికి బస్సు లేదో ఆ ఊరివాళ్లకి ఇచ్చిన వంతు పద్దులో పడదని రాయండి. ఇంకా మంచిది, ఆ ఊరి ఇద్దరు ముగ్గురికి ఒకే రోజున వంతులు వచ్చేలా కలిపి, ఆ రోజుకి ఒక వ్యాన్ అడగండి. వారానికి రెండు రోజులైతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఒప్పుకోవచ్చు. ఐదు రోజులకి అడిగితే ఒప్పుకోవడం కష్టం.

కొంతకాలం పక్కకి తప్పుకునేవాళ్ల సంగతి చూద్దాం. ఈ ఎనిమిది వారాల మధ్యలో రంజాన్ నెల వస్తుంది. ఉపవాసం ఉన్నవాళ్లకి సాయంత్రం 5 నుంచి 7 అంటే సరిగ్గా ఇఫ్తార్ వేళ. శివరాత్రికి శ్రీకాళహస్తి వాళ్లింట్లో చుట్టాలుంటారు. ఇంటర్ పరీక్షలున్న పిల్లలు కొందరికి ఉంటారు. వీళ్లని వారం వారం అడిగి కాదనిపించుకోవడం ఎందుకు? "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నన్ను జాబితాలో పెట్టొద్దు అని ఒక్క ముక్క రాసి ఇస్తే చాలు. కారణం చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మీకు ఇవ్వజూపినట్టు లెక్క రాయం."

మంచిదే. కానీ తిరిగి వచ్చినప్పుడు? ఒకతను మూడో వారం నుంచి ఆరో వారం దాకా తప్పుకున్నాడు. వెళ్లేటప్పుడు పద్దులో 10 గంటలు. తిరిగి వచ్చేసరికి మిగతావాళ్లు 30, 32, 34 దగ్గర ఉన్నారు. అతన్ని 10 దగ్గరే ఉంచితే చివరి రెండు వారాలూ అతని మూడు వంతులు నిండేదాకా మొదటి పిలుపు అతనికే. ఇలాంటివాళ్లు ముగ్గురుంటే మిగతా ఐదుగురికి చివర్లో వంతులు తగ్గుతాయి, గొడవ ఖాయం. అలాగని అతనికి 34 వేస్తే సెలవు తీసుకున్నందుకు శిక్ష వేసినట్టు. నా సలహా, ఆ రోజు జాబితాలో అందరికన్నా తక్కువ ఎవరిదో ఆ అంకె అతనికి ఇవ్వండి. ఇక్కడ 30. అతను ముందు వరసలోనే ఉంటాడు, కానీ ఒంటరిగా ఉండడు. ఇది వేరేలా కూడా చేయొచ్చు. ఏం చేసినా ముందే రాయండి. తిరిగి వచ్చాక నిర్ణయిస్తే ఎవరో ఒకరి మొహం చూసి నిర్ణయించినట్టే ఉంటుంది.

డబ్బు పేరా చిన్నదే, కానీ ఫోన్లు ఎక్కువ దీని గురించే వస్తాయి. ఒక లెక్క వేసి చూపించండి. ఓటీకి లెక్కలోకి వచ్చే నెల జీతం 18,200 అనుకోండి. 26 రోజులతో భాగిస్తే రోజుకి 700. ఎనిమిదితో భాగిస్తే గంటకి 87.50. రెట్టింపు 175. ఒక వంతుకి 350 రూపాయలు. ఎవరి జీతం వాళ్లు పెట్టుకుని చూసుకుంటారు. తప్పు జరిగేది ఎక్కడంటే, కొన్నిచోట్ల పేరోల్‌లో బేసిక్ మీద మాత్రమే రెట్టింపు కడతారు. పాత చట్టం 59వ సెక్షన్‌లో బేసిక్‌తోపాటు అలవెన్సులు కూడా ఉన్నాయి, బోనస్ లేదు. ఇదే మనిషి బేసిక్ 10,400 అయితే అదే లెక్కలో గంటకి 100 వస్తుంది. గంటకి 75 రూపాయల తేడా. సీజన్ మొదలవ్వకముందే ఒక మనిషి పేరు మీద పేరోల్ వాళ్లతో లెక్క కట్టించి, ఆ అంకెనే మెయిల్‌లో వేయండి.

ఇంకో గందరగోళం హాజరు ముగింపు తేదీ. మీ దగ్గర 20వ తేదీకి హాజరు మూసేస్తే, ఫిబ్రవరి 23 నుంచి 27 వరకు చేసిన ఓటీ ఆ నెల జీతంలో కనిపించదు. మనిషి స్లిప్పు చూసి "వారం ఎగ్గొట్టారు" అంటాడు. "20 వరకు చేసింది ఈ నెల జీతంలో, తర్వాతది వచ్చే నెలలో" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు 7 తర్వాతే పంచ్ చేయమని కూడా రాయండి. 6:52కి పంచ్ పడితే కొన్ని సిస్టమ్‌లు మొత్తం వంతునే కొట్టేస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది: కాంట్రాక్టు కార్మికుల సంగతేంటి? వాళ్లు కూడా అదే లైన్లో, అదే టార్చ్‌తో పనిచేస్తారు. సర్టిఫికేషన్ ఉంటే అదే జాబితాలో, అదే వరసలో పెట్టండి. కానీ వాళ్ల ఓటీ డబ్బు కాంట్రాక్టర్ బిల్లులోంచి వస్తుంది కాబట్టి రేటు గురించి మీరు మాటివ్వకండి. కాంట్రాక్టర్ రెట్టింపు కడుతున్నాడా లేదా అన్నది హెచ్ఆర్ ద్వారా ముందే తేల్చుకోండి. అతను కట్టకపోతే చివరికి కట్టాల్సింది కంపెనీయే.

ఇంకొకరు అడిగారు, ఆదివారం పని పడితే ఎలా అని. దాన్ని ఈ మెయిల్‌లో కలపకండి. వారపు సెలవు రోజు పనికి బదులు సెలవు ఇవ్వాలి, దానికి గడువు ఉంటుంది. పాత చట్టం ప్రకారం అదే నెలలో గానీ ఆ తర్వాత రెండు నెలల్లో గానీ ఇచ్చేయాలి. మార్చిలో వాడుకోని సెలవులు మే చివరికి కుప్పపడతాయి. ఆదివారం అవసరమైతే వేరే మెయిల్, వేరే జాబితా.

చివరి పేరా కాదన్నవాళ్ల కోసం. "ఓటీ చేయకపోవడం వల్ల మీ అప్రైజల్, సెలవులు, షిఫ్టు మార్పుల మీద ఏ ప్రభావమూ ఉండదు. పట్టిక ప్రతి శుక్రవారం బోర్డు మీద ఉంటుంది. అందులో తప్పు కనిపిస్తే నాకు చెప్పండి. నాతో చెప్పడం ఇబ్బందిగా ఉంటే హెచ్ఆర్‌లో ఫలానా వారికి చెప్పండి." ఫిర్యాదుకి మీరు కాక ఇంకో మనిషి ఉండటం తప్పనిసరి, ఎందుకంటే ఫిర్యాదు చాలావరకు మీ మీదే ఉంటుంది. ఆ పేరా రాశాక, మార్చి చివర "సీజన్ స్టార్" అంటూ ఎక్కువ ఓటీ చేసిన మనిషి ఫొటో బోర్డు మీద పెట్టకండి. అది చూసినవాళ్లకి ఈ పేరా అబద్ధమని తెలిసిపోతుంది.

బోర్డు మీద పట్టిక పెట్టేటప్పుడు పేరు, ఇవ్వజూపిన గంటలు, మిగిలిన గంటలు చాలు. ఎవరు ఎందుకు తప్పుకున్నారో, ఎవరికి ఎంత డబ్బు వచ్చిందో అక్కడ ఉండకూడదు. శుక్రవారం ఉదయం పట్టిక పెడితే సాయంత్రంలోగా ఎవరో ఒకరు వచ్చి "మంగళవారం నేను చేశాను, పడలేదు" అంటారు. అప్పుడే పంచ్ రికార్డు తీసి చూసి, తప్పుంటే దిద్ది, దిద్దిన చోట తేదీ వేసి సంతకం పెట్టండి.